జీపీఎస్ ఎత్తుకు 77 మీటర్లు కలిపినా చెరువు దగ్గర లెవెల్ కలవడం లేదు (దేవరకొండ వైపు కాల్వ పని)

దేవరకొండ సైట్
అందరికీ నమస్కారం. డిస్ట్రిబ్యూటరీ నుంచి చెరువు దాకా 12 కిలోమీటర్ల ఫీడర్ కాల్వ, ఉత్తరం నుంచి దక్షిణానికి. వాలు పదివేలకు ఒకటి, అంటే కిలోమీటరుకు 10 సెంటీమీటర్లు. సర్వే వాళ్లు రోవర్‌తో పాయింట్లు తీసి షీట్ ఇచ్చారు. హెడ్ దగ్గర బెడ్ లెవెల్ డ్రాయింగ్‌లో 231.40, వాళ్ల షీట్‌లో 154.40. అడిగితే "మొత్తానికి 77 కలుపుకోండి, సరిపోతుంది" అన్నారు. కలిపితే హెడ్ కలిసింది. చివర చెరువు తూము సిల్ మాత్రం డ్రాయింగ్‌లో 230.20 ఉంటే, షీట్‌లో 77 కలిపాక 229.95 వస్తోంది. పావు మీటరు తేడా. మిషన్ పాడైందా, డ్రాయింగ్ తప్పా? సోమవారం జేసీబీ దిగుతుంది, చాలా టెన్షన్‌గా ఉంది.

ఆటో లెవెల్ 31 ఏళ్లు
రోవర్ ఎత్తును నమ్మి కాల్వ తవ్వొద్దు తమ్ముడూ. మీ దగ్గర బెంచ్ మార్క్ ఉందా? మా మండలంలో గుడి అరుగు మీద చెక్కిన జీటీఎస్ బెంచ్ మార్క్ ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగుతో పాటు అదీ పోయింది. నేను చేతులు పట్టుకుని చెప్పినా కాంట్రాక్టర్ వినలేదు. దాని మీద ఆధారపడిన లెవెల్స్ అన్నీ ఇప్పుడు కాగితం మీదే ఉన్నాయి. ముందు బెంచ్ మార్క్ వెతకండి, మిగతావి తర్వాత.

మ్యాప్ మాస్టర్
ఇది సింపుల్. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీద వేసినవి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 మీద పనిచేస్తుంది. డేటమ్ మార్చుకుంటే తేడా పోతుంది. 22 ఏళ్లుగా మ్యాపుల పనే చేస్తున్నాను, ఇలాంటివి వందల్లో చూశాను.

పాలమూరు జియోడెసీ
మాస్టర్ గారూ, అక్షాంశ రేఖాంశాల వరకు మీ మాట నిజం. ఎత్తుకు అది వర్తించదు. టోపోషీట్‌లో ఎత్తులు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ నుంచి కొలిచినవి కావు. సముద్ర మట్టం నుంచి లెవెలింగ్ చేసుకుంటూ ఊరూరా తెచ్చినవి. స్టాఫ్ చదివేటప్పుడు బుడగ మధ్యలోకి తెచ్చేది భూమ్యాకర్షణ, ఎలిప్సాయిడ్ కాదు.

జీపీఎస్ కొలిచేది లెక్క కోసం గీసుకున్న నున్నటి ఎలిప్సాయిడ్ నుంచి. మన ప్రాంతంలో సముద్ర మట్టపు ఉపరితలం, అంటే జియాయిడ్, ఆ ఎలిప్సాయిడ్ కంటే 77 మీటర్ల చిల్లర కింద ఉంటుంది. ఆ తేడానే N అంటారు, కింద ఉంది కాబట్టి రుణ సంఖ్య. దేవరకొండ సైట్ గారి హెడ్ దగ్గర:

```
H = h - N
H = 154.40 - (-77.00) = 231.40
```

మిషన్ బాగానే ఉంది. షీట్‌లో ఉన్నది h, అంటే ఎలిప్సాయిడ్ ఎత్తు; డ్రాయింగ్‌లో ఉన్నది H, అంటే సముద్ర మట్టం ఎత్తు. సాగర్ నిండినప్పుడు మట్టం 590 అడుగులు, అంటే 179.83 మీటర్లు. అదే నీటి అంచున రోవర్ పెట్టి జియాయిడ్ మోడల్ వేయకుండా చదివితే 102 దగ్గర చూపిస్తుంది. రెండూ నిజమే.

నాగర్‌కర్నూల్ టీచర్
నాదీ ఇదే సమస్య! మా ఇంటి మేడ మీద నా ఫోన్ ఒకరోజు చూపిన ఎత్తుకు మర్నాడు చూపిన దానికి 12 మీటర్ల తేడా వస్తుంది. మా తమ్ముడి ఫోన్ పక్కన పెడితే ఏకంగా 77, 78 ఎక్కువ చూపిస్తుంది. పిల్లలతో ప్రాజెక్టు చేయిస్తున్నాను. ఏది రాయమని చెప్పాలి?

పాలమూరు జియోడెసీ
మేడమ్, అవి రెండు వేర్వేరు సంగతులు. రోజు రోజుకూ మారే 12 మీటర్లు ఫోన్ కొలతలోని తడబాటు. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు కాబట్టి ఎత్తులో తప్పు పక్కలకంటే ఎక్కువ. కదలకుండా ఉండే 77 మాత్రం జియాయిడ్. ఆండ్రాయిడ్‌లో చాలా యాప్‌లు చదివే `getAltitude()` ఎలిప్సాయిడ్ ఎత్తు ఇస్తుంది, ఐఫోన్ సముద్ర మట్టం ఎత్తు ఇస్తుంది. మీ తమ్ముడిది ఐఫోన్ అయి ఉంటుంది.

నాగర్‌కర్నూల్ టీచర్
అవును సార్, ఐఫోనే. చాలా సంతోషం.

డ్రోన్ మిర్యాలగూడ
ఒక మాట చెప్పాలి. నా డ్రోన్ ఆర్టీకేతో తీసిన ఎత్తులు ఇస్రో భువన్ సైట్ నుంచి దించిన కార్టోడెమ్ ఎత్తుల మ్యాపుతో చాలా దగ్గరగా కలుస్తున్నాయి. అమెరికా వాళ్ల ఎస్ఆర్టీఎంతోనే 77 తేడా. మన దేశపు డేటా, మన డ్రోన్ ఒకటే మాట చెబుతున్నప్పుడు టోపోషీట్, ఎస్ఆర్టీఎం తప్పు అనుకోవాలి కదా?

మ్యాప్ మాస్టర్
నేను అన్నది అదే! పాత షీట్లు పాతవే.

పాలమూరు జియోడెసీ
కాదండీ. కార్టోడెమ్‌లో ఎత్తులు డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ నుంచే ఇస్తారు, అందుకే మీ డ్రోన్‌తో కలిసింది. ఎస్ఆర్టీఎం ఎత్తులు ఈజీఎం 96 జియాయిడ్ మీద, అంటే సముద్ర మట్టం నుంచి. ఒకే రకం ఎత్తులు రెండు కలిస్తే మూడోది తప్పు అని అర్థం కాదు. ఈ రెండు డెమ్‌లను కలిపి కుట్టి వరద మ్యాపు వేస్తే అతుకు దగ్గర 77 మీటర్ల గోడ లేస్తుంది. అలాంటి మ్యాపు నా టేబుల్ మీదకే వచ్చింది. రంగులు మృదువుగా వేయడంతో గోడ ఎవరి కంటా పడలేదు.

డ్రోన్ మిర్యాలగూడ
అంటే నేను ఇచ్చిన మూడు రిపోర్టులు తప్పా? క్లయింట్‌కు ఏం చెప్పమంటారు? ఇక్కడ కూర్చుని చెప్పడం తేలిక, ఎండలో ఎగరేసేది మేము.

ఆటో లెవెల్ 31 ఏళ్లు
ఎండలో స్టాఫ్ పట్టుకున్నవాళ్లం మేమూ ఉన్నాం. కోపం వద్దు. మట్టి ఎంత తవ్వారో లెక్క కట్టే రిపోర్టు అయితే ఏ ఎత్తులైనా ఒకటే, ముందూ వెనకా తీసివేస్తారు కాబట్టి. నీళ్ల మట్టంతో పోల్చి ఉంటేనే ఇబ్బంది.

డ్రోన్ మిర్యాలగూడ
రెండు మట్టివే. మూడోది చెరువు మునక. దాన్ని మళ్లీ చేస్తాను.

దేవరకొండ సైట్
అన్నలూ, నా పావు మీటరు సంగతి ఎవరూ చెప్పలేదు. 77 కలిపితే హెడ్ కలిసింది, చెరువు ఎందుకు కలవదు?

పాలమూరు జియోడెసీ
క్షమించండి, అసలు ప్రశ్న అదే. 77 అన్నిచోట్లా 77 కాదు. జియాయిడ్ వాలుగా ఉంటుంది. హైదరాబాద్ దగ్గర సుమారు 76, బెంగళూరు దగ్గర సుమారు 86, ఇంకా దక్షిణాన శ్రీలంక కింది సముద్రంలో 106 దాకా దిగుతుంది. మన వైపు సగటున కిలోమీటరు దక్షిణానికి 2 సెంటీమీటర్లు. 12 కిలోమీటర్లకు పావు మీటరు. మీ చెరువు దగ్గర h 152.95 కదా, అక్కడ N -77.25 వేసి చూడండి, 230.20 వస్తుంది.

మ్యాప్ మాస్టర్
దక్షిణం 25 సెంటీమీటర్లు పల్లం అయితే కాల్వకు మంచిదే. నీళ్లు ఇంకా బాగా పోతాయి. దీనికి ఇంత చర్చ ఎందుకు?

పాలమూరు జియోడెసీ
అది పల్లం కాదు. నిలిచిన నీరు ఉండేదే అలా. సాగర్ నీటి మీద ఉత్తరం అంచునా, 20 కిలోమీటర్లు దక్షిణాన ఇంకో అంచునా రోవర్ పెడితే ఎలిప్సాయిడ్ ఎత్తులో దాదాపు 40 సెంటీమీటర్ల తేడా చూపిస్తుంది. నీళ్లు ఎటూ పారవు.

కాల్వకు మంచి కాదు, నష్టం. అన్నిచోట్లా 77 పెట్టిన రోవర్‌తో చివర 230.20 మార్క్ చేశారనుకోండి. అసలు ఎత్తు 230.45 అవుతుంది. సిల్ కంటే బెడ్ పావు మీటరు పైన. 1.20 మీటర్ల వాలు ఉండాల్సిన చోట 95 సెంటీమీటర్లే మిగులుతుంది, కిలోమీటరుకు 10 బదులు 8. అదే లోతుకు నీటి ప్రవాహం పదో వంతు దాకా తగ్గుతుంది, మట్టి పేరుకుంటుంది. కాల్వ ఉత్తరానికి పోయేదైతే తిరగబడి వాలు ఎక్కువయ్యేది.

కొల్లాపూర్ రైతు
అన్నా, నా కింది పొలం బావి నుంచి పై పొలానికి 300 మీటర్ల పైపు వేయాలి. ఫోన్‌తో ఎత్తు చూస్తే సరిపోతుందా? 77 కలపాలా?

ఆటో లెవెల్ 31 ఏళ్లు
కలపొద్దు, రెండు చోట్లా అదే పోతుంది. కానీ ఫోన్ వద్దు, దాని తప్పే మీ ఎత్తు తేడా కంటే ఎక్కువ. సగం రోజుకు లెవెల్ మిషన్ తెప్పించుకోండి. 300 మీటర్లకు జియాయిడ్ మారేది అర సెంటీమీటరే, దాన్ని మరిచిపోండి.

దేవరకొండ సైట్
సర్వే వాళ్లకు చెబితే "మా సాఫ్ట్‌వేర్‌లో జియాయిడ్ పెట్టే ఇచ్చాం" అంటున్నారు. ఎలా పట్టుకోవాలి?

పాలమూరు జియోడెసీ
రోవర్ ముడి డేటాలో `GGA` లైన్ అడగండి. ఎత్తు తర్వాత `M`, దాని తర్వాత జియాయిడ్ విలువ ఉంటుంది, `231.40,M,-77.00,M` లాగా. హెడ్‌లోనూ చెరువులోనూ రెండో సంఖ్య మారకపోతే ఒకే విలువ వాడారు. PROJ సాఫ్ట్‌వేర్‌లోని `cs2cs`తో మీరే కూడా సరిచూడొచ్చు:

```
echo 17.05 79.27 170 | cs2cs EPSG:4979 EPSG:4326+3855
```

ఇది ఈజీఎం 2008 జియాయిడ్ మోడల్ వాడుతుంది. జవాబు 247 దగ్గర రావాలి. 170కి 170 వచ్చిందంటే జియాయిడ్ గ్రిడ్ ఫైల్ లేదు. తప్పు జరిగిందని అది చెప్పకపోవచ్చు, అదే ప్రమాదం. చాలామంది అక్కడే మోసపోతారు.

ఆటో లెవెల్ 31 ఏళ్లు
మోడల్ మంచిదే కావచ్చు. కానీ ఈజీఎం ప్రపంచం మొత్తానికి చేసింది, మన బెంచ్ మార్కులతో డెసిమీటర్లలో తేడా పడుతుంది. లెవెల్ మిషన్‌తో హెడ్ నుంచి తూముకు ఫ్లై లెవెల్స్ పోయి, తిరిగి వచ్చి క్లోజ్ చేయండి. రెండు రోజుల పని.

పాలమూరు జియోడెసీ
ఈ మాటకు నేను ఒప్పుకుంటాను. మోడల్ వాలును సరిచేస్తుంది. దాన్ని మీ బెంచ్ మార్కుకు కట్టడం వేరే పని. ఒక్క హెడ్‌కు కడితే చాలదు, చెరువు చివర కూడా ఒకటి ఉండాలి.

దేవరకొండ సైట్
అప్‌డేట్. జేసీబీని మూడు రోజులు ఆపించాను. GGA చూశాను, రెండు చోట్లా -77.00 ఉంది. ఒకే సంఖ్య వేశారు. ఫ్లై లెవెల్స్ పోయి వచ్చాం, క్లోజింగ్ 3 సెంటీమీటర్లు. తూము సిల్ 230.17 వచ్చింది. అదే పాయింట్లకు ఈజీఎం 2008 వేయించి హెడ్‌కు కడితే 230.24. డ్రాయింగ్ 230.20. ఇప్పుడు ఈ 7 సెంటీమీటర్లు ఎవరివి?

ఆటో లెవెల్ 31 ఏళ్లు
లెవెల్ క్లోజ్ అయింది. 230.17 తీసుకో.

పాలమూరు జియోడెసీ
క్లోజింగ్ తప్పు సగం సగం పంచితే లెవెల్స్‌లో సెంటీమీటరు, రెండు ఉండొచ్చు. రోవర్‌వి రెండు, మూడు. మిగిలింది జియాయిడ్ మోడల్‌దో, ఆర్టీకే బేస్‌దో ఈ అంకెలతో చెప్పలేం. చెరువు కట్ట మీద బేస్ పెట్టి రెండు గంటలు కదలకుండా స్టాటిక్ కొలత తీస్తే తెలుస్తుంది.

దేవరకొండ సైట్
స్టాటిక్ గురువారం పెట్టిస్తున్నాను. అప్పటిదాకా చివరి కిలోమీటరు వదిలి పై నుంచి తవ్వకం మొదలుపెట్టాం, ప్రతి 200 మీటర్లకూ లెవెల్ మిషన్‌తో పెగ్ వేస్తున్నాం.