రాసిచ్చిన రికమెండేషన్‌ని వెనక్కి తీసుకోవచ్చా?

పాత టీమ్ లీడ్: నా టీమ్‌లో టెస్టింగ్ చేసిన ఒక కుర్రాడు వెళ్ళిపోయేటప్పుడు అడిగితే లింక్డ్‌ఇన్‌లో రికమెండేషన్ రాశాను. ఇప్పుడు తన ప్రొఫైల్‌లో అదే ప్రాజెక్టుకి "ప్రాజెక్ట్ లీడ్" అని పెట్టుకున్నాడు. కింద నా రికమెండేషన్ ఉంది. దాన్ని తీసెయ్యడం న్యాయమేనా? తీసేస్తే ఎలా?

గచ్చిబౌలి గాలి: ఇందులో ఆలోచించేదేముంది సార్? కనెక్షన్ తీసెయ్యండి, రికమెండేషన్ దానంతటదే పోతుంది. అతనికి నోటిఫికేషన్ కూడా వెళ్ళదు. గొడవే లేదు.

రిక్రూటర్ అక్క: గాలి గారు చెప్పింది సగమే నిజం. నోటిఫికేషన్ వెళ్ళదు, అది సరే. కానీ కనెక్షన్ తీసేస్తే మీ ఇద్దరి మధ్య ఉన్నవన్నీ పోతాయి. మీరు రాసినదీ, అతను మీకు రాసినదీ, స్కిల్స్‌కి ఇచ్చుకున్న ఎండార్స్‌మెంట్లూ. రేపు రాజీపడి మళ్ళీ కనెక్ట్ అయినా అవి తిరిగి రావు. ఒక్క రికమెండేషన్ తియ్యడానికి అంత పని అక్కర్లేదు. మీ ప్రొఫైల్‌లో Recommendations దగ్గరకెళ్ళి Given అన్న ట్యాబ్ తెరవండి. మీరు రాసినవన్నీ అక్కడ ఉంటాయి. దాన్ని అక్కడే మార్చవచ్చు, తీసెయ్యవచ్చు.

అసలు ముందు ఒకటి చెప్పండి. మీరు ఏం రాశారు?

పాత టీమ్ లీడ్: అదే ఇబ్బంది అక్కా. "పేమెంట్స్ ప్రాజెక్టును మొదటి నుంచి చివరి దాకా ముందుండి నడిపించాడు" అని ఉంది. వాక్యం నాది కాదు. రిక్వెస్ట్‌తో పాటు తనే డ్రాఫ్ట్ పంపాడు. రిలీజ్ టెన్షన్‌లో ఉన్నాను, చదివీ చదవక అతికించేశాను.

రిక్రూటర్ అక్క: అదీ సంగతి. డ్రాఫ్ట్ పంపడం తప్పు కాదు, నేను కూడా పంపమంటాను. కానీ పోస్ట్ అయ్యాక కింద కనిపించేది మీ పేరు. పక్కన తేదీ, మీరు అతని మేనేజర్ అన్న ముక్క కూడా ఉంటాయి. కాబట్టి ఆ "లీడ్" అన్న మాటకి సాక్షి మీరే అయ్యారు. మాలాంటి వాళ్ళం ఎండార్స్‌మెంట్ల అంకె పెద్దగా చూడం, అది ఒక్క క్లిక్కుతో వచ్చేది. మేనేజర్ రాసిన నాలుగు వాక్యాలు మాత్రం చదువుతాం, ఇంటర్వ్యూలో వాటి మీదే అడుగుతాం.

కూకట్‌పల్లి టెస్టర్: మధ్యలో వస్తున్నందుకు సారీ. నాకు ఎప్పుడో కాలేజీ ఫ్రెండ్స్ జావాకి గుత్తగా ఎండార్స్ చేశారు. నేను జావా వదిలేసి చాలా కాలమైంది. స్కిల్‌నే డిలీట్ చేసేస్తే సరిపోతుందా?

రిక్రూటర్ అక్క: స్కిల్ తీసేస్తే దానికొచ్చిన ఎండార్స్‌మెంట్లన్నీ దాంతోపాటే పోతాయి. మీకు జావా నిజంగా అక్కర్లేకపోతే అలాగే చెయ్యండి. అలా కాకుండా కొందరివే కనబడకూడదనుకుంటే, ఆ స్కిల్‌కి ఎండార్స్ చేసినవాళ్ళ జాబితా తెరిచి ఒక్కొక్కరి పక్కనున్న స్విచ్ ఆపండి. అది దాచడం మాత్రమే, కావాలంటే మళ్ళీ చూపించవచ్చు. కొత్తవి రాకూడదంటే సెట్టింగ్ వేరే ఉంది.

నిజామాబాద్ నాయుడు: నాది వేరే మాట. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం పెద్దరికం కాదు. పిల్లాడికి ఉద్యోగం దొరికి ఉంటుంది, ఇప్పుడు తీస్తే అతని కొత్త మేనేజర్‌కి అనుమానం రాదా?

రిక్రూటర్ అక్క: ఒక రికమెండేషన్ కనబడకపోతే ఎవరూ పోలీసు విచారణ పెట్టరు నాయుడు గారూ. తను కూడా ఎప్పుడైనా దాచుకోవచ్చు కదా. దాచగలడు గానీ మీ వాక్యాల్లో అక్షరం మార్చలేడు, మార్చమని మిమ్మల్ని అడగాల్సిందే. అంటే తప్పును సరిదిద్దగలిగేది రాసినవాళ్ళే. నేనైతే ముందు అతనికి మెసేజ్ పెడతాను: "నీ హోదా సరిచేసుకో, నేను నా వాక్యం సరిచేస్తాను" అని. ఆ వాక్యం బదులు "పేమెంట్స్ మాడ్యూల్ రిగ్రెషన్ టెస్టింగ్ ఇతనే చూశాడు, రిలీజ్‌కి ముందు బగ్స్ పట్టుకోవడంలో దిట్ట" లాంటిది రాయండి. అది నిజమైతేనే సుమా. పొగడ్త తగ్గినా నమ్మకం పెరుగుతుంది.

గచ్చిబౌలి గాలి: అతను ఒప్పుకోకపోతే?

రిక్రూటర్ అక్క: అప్పుడు డిలీట్ చెయ్యండి. కనెక్షన్ మాత్రం ఉంచుకోండి.

పాత టీమ్ లీడ్: నిన్న మెసేజ్ పెట్టాను. హోదా "సీనియర్ టెస్ట్ ఇంజనీర్" అని మార్చాడు. కానీ "సార్, ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, రికమెండేషన్ మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి" అంటున్నాడు.

నిజామాబాద్ నాయుడు: చూశారా, దిగొచ్చాడు. ఇక వదిలెయ్యండి.

రిక్రూటర్ అక్క: ఇంటర్వ్యూలు నడుస్తున్నప్పుడే కదా ఆ "ముందుండి నడిపించాడు" ఎక్కువ పనిచేసేది! ఇవాళే మార్చండి.

నిజామాబాద్ నాయుడు: మీరు రిక్రూటర్ వైపు నుంచి చూస్తున్నారమ్మా. నేను పిల్లాడి వైపు నుంచి.

పాత టీమ్ లీడ్: వాక్యం మార్చి రాసుకున్నాను. ఇంకా సేవ్ నొక్కలేదు. అతనితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడి చెప్తాను.