స్కాన్ చేసిన హాజరు రిజిస్టర్ నుంచి నెలవారీ పట్టిక: ‘ఏ’ అంటే షిఫ్టా, ఆబ్సెంటా?

ప్రశ్న (హాజరు గుమాస్తా): పద్దెనిమిది మంది సిబ్బంది ఉన్న ఒక విభాగపు హాజరు రిజిస్టర్‌ను స్కాన్ చేసి నాకు పంపారు. 30 రోజుల నెల అది. వరుసకు ఒక మనిషి, నిలువుగా తేదీలు, కుడి చివర ప్రతి మనిషి హాజరు మొత్తం, అడుగున ఏ రోజుకు ఆ రోజు హాజరైన వారి మొత్తం రాసి ఉన్నాయి. దానితో పాటు వారం వారం వేసిన షిఫ్టు రోస్టర్ పేజీలు కూడా ఉన్నాయి. గళ్ళలో ఏ, బి, సి అని షిఫ్టు పేర్లే హాజరు గుర్తులుగా వేశారు. చిక్కు ఏమిటంటే, రాని వారికి కూడా ‘ఏ’ అనే వేశారు. ఓసీఆర్‌తో చదివిస్తే రెండూ ఒకటిగానే వస్తున్నాయి. కొన్ని గళ్ళలో కొట్టివేతలు, సిరా మరకలు కూడా ఉన్నాయి. అనుమానం ఉన్నవి విడిగా తెలిసేలా పట్టిక తయారు చేయడం ఎలాగో దయచేసి చెప్పగలరు.

లెక్కల విభాగంలో పనిచేసే ఒకరు: ఇందులో పెద్ద ఇబ్బంది లేదండి. తెలియని గడిలో `?` పెట్టుకోండి, చివర ఉన్న మొత్తంతో పోల్చుకోండి. మొత్తం 24 అని ఉండి మీకు 23 వస్తే ఆ ప్రశ్నార్థకం హాజరు అన్నమాటే, దాన్ని నింపేసి ముందుకు వెళ్ళవచ్చు.

రాత్రి షిఫ్టు పర్యవేక్షకుడు: మా దగ్గర రాత్రి పదికి వచ్చి మర్నాడు ఆరింటికి వెళ్ళేవారి గంటలు ఏ తేదీ కింద వేయాలన్నదే ఎప్పుడూ తగువు. మీరు కూడా ముందు ఆ సంగతి తేల్చుకుంటే గంటల లెక్క సరిగ్గా వస్తుంది.

రికార్డుల డిజిటైజేషన్ చేసేవారు: పర్యవేక్షకుడు గారు చెప్పినది గంటల లెక్కకు సంబంధించినది, ఇక్కడ అడిగినది రోజుల లెక్క. అయినా అందులో ఒక్క మాట పనికి వస్తుంది: సి షిఫ్టును మొదలైన తేదీ కింద వేశారా, ముగిసిన తేదీ కింద వేశారా అన్నది రోస్టర్‌తో పోల్చేముందు తెలుసుకోవాలి. లేకపోతే సి షిఫ్టు వాళ్ళందరూ ఒక రోజు పక్కకు జరిగినట్టు కనిపిస్తారు.

ఇక అసలు ప్రశ్న. మీ స్కాన్ నలుపు తెలుపులో ఉందా? చాలా రిజిస్టర్లలో ఆబ్సెంటును ఎర్ర సిరాతో వేస్తారు. నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ఆ ఒక్క తేడా కూడా పోతుంది, పెన్సిలుతో లేతగా రాసినవి మాయమైపోతాయి. రిజిస్టర్ ఇంకా అందుబాటులో ఉంటే 300 డీపీఐలో, రంగులో మళ్ళీ స్కాన్ చేయించండి. గంటల కొద్దీ బుర్ర బద్దలు కొట్టుకునే పని దానితో సగం తగ్గిపోవచ్చు.

రంగు స్కాన్ దొరకకపోతే రోస్టర్‌ను ఆశ్రయించాలి. ఆ వారం రోస్టర్‌లో ఆ మనిషికి బి షిఫ్టు ఉండి, రిజిస్టర్‌లో ‘ఏ’ ఉంటే ఆబ్సెంటు కావడానికే అవకాశం ఎక్కువ, అయితే షిఫ్టు మార్చుకుని ఉండవచ్చు కాబట్టి అది రూఢి కాదు. రోస్టర్‌లో కూడా ‘ఏ’ షిఫ్టే ఉంటే, ఆ గడిని చూసి మాత్రం ఎవరూ చెప్పలేరు.

పట్టికను ఒకే ఆకారంలో రెండు షీట్లుగా పెట్టుకోండి. `RAW` షీటులో కాగితం మీద కనిపించినది కనిపించినట్టే, ‘ఏ’ అయితే `A` అనే ఉండాలి. `FINAL` షీటులో మీ నిర్ణయం ఉండాలి: షిఫ్టులకు `S1`, `S2`, `S3`, రాకపోతే `AB`, సెలవుకు `LV`, వీక్లీ ఆఫ్‌కు `WO`, తేలనిదానికి `UC`. ఒక గడి రెండింటిలోనూ ఒకే చోట ఉంటుంది కాబట్టి తర్వాత ఎవరు అడిగినా వెంటనే చూపించవచ్చు. అనుమానపు గడికి రంగు వేయడం బాగానే ఉంటుంది గాని, సీఎస్‌వీగా భద్రపరిస్తే రంగు నిలవదు, అందువల్ల గుర్తు గడిలోనే ఉండాలి.

లెక్కల విభాగం వారు చెప్పిన `?` మాత్రం వద్దు. ఎక్సెల్‌లో `COUNTIF` దాన్ని ‘ఏదైనా ఒక అక్షరం’ అని అర్థం చేసుకుంటుంది, ఒంటి అక్షరం ఉన్న ప్రతి గడినీ అనుమానం కింద లెక్కిస్తుంది. అదే గుణాన్ని మనం ఇలా వాడుకోవచ్చు:

```
=COUNTIF(D11:AG11,"S?")
=COUNTIF(T5:T22,"S?")
```

`FINAL` షీటులో మనుషులు 5వ అడ్డు వరుస నుంచి, తేదీలు D నిలువు వరుస నుంచి మొదలైతే, మొదటిది ఏడో మనిషి నెల మొత్తం హాజరు, రెండోది 17వ తేదీన హాజరైన వారి సంఖ్య.

హాజరు గుమాస్తా: మీరు సరిగ్గా ఏడో మనిషి వరుసే తీసుకున్నారు, నా మరక అక్కడే ఉంది. 17వ తేదీ గడి మీద సిరా ఒలికింది. మిగిలినవి స్పష్టంగా 23 హాజరు, 2 సెలవులు, 4 వీక్లీ ఆఫ్‌లు. చివర రాసిన మొత్తం 24. అంటే హాజరేనని నింపబోయాను. కాని 17వ తేదీ అడుగున 15 అని ఉంది, మరక గడిని వదిలేసినా నాకు 15 వస్తోంది.

రికార్డుల డిజిటైజేషన్ చేసేవారు: అందుకే అడ్డు మొత్తం ఒక్కదాన్నే నమ్మకూడదు. అడ్డు లెక్క హాజరంటోంది, నిలువు లెక్క కాదంటోంది, కాబట్టి పొరపాటు అదే నిలువు వరుసలో మరొకరి గడిలో ఉండవచ్చు. ఆ రోజు హాజరైనట్టు చదివిన వారిలో, నెల మొత్తం రాసినదానికంటే ఒకటి ఎక్కువ వస్తున్నవారు ఎవరైనా ఉన్నారా చూడండి.

హాజరు గుమాస్తా: ఉన్నారు. పదకొండో మనిషికి 24 అని రాశారు, నాకు 25 వస్తోంది. ఆ గడిని పెద్దది చేసి చూస్తే ‘బి’ మీద సన్నని అడ్డగీత, పక్కన చిన్నగా ‘సె’ అని ఉన్నాయి. ఓసీఆర్ ‘బి’ మాత్రమే చదివింది.

రికార్డుల డిజిటైజేషన్ చేసేవారు: అయితే పదకొండో మనిషికి ఆ రోజు `LV`. అప్పుడు ఆ తేదీన స్పష్టమైన హాజరు 14 అవుతుంది, ఏడో మనిషిని కలిపితే 15. రెండు అడ్డు మొత్తాలూ, నిలువు మొత్తమూ కుదిరాయి. కాని మొత్తాలు మనిషి వచ్చాడని చెబుతాయే గాని అతను వచ్చిన షిఫ్టు ఏదో చెప్పవు. ఆ గడిలో `SX` అని వేయండి, హాజరు లెక్కలో చేరుతుంది, షిఫ్టు తేలలేదని కూడా తెలుస్తుంది. రోస్టర్‌లో బి ఉన్నా దాన్ని బట్టి `S2` వేయకండి. ‘మొత్తాలను బట్టి తేల్చినది’ అని మూడో షీటులో ఒక వాక్యం రాసి పెట్టండి.

ఇంకొకటి: ఓసీఆర్ ఖాళీ గడిని మింగేస్తే ఆ వరుసలోని మిగతా గుర్తులన్నీ ఎడమకు జరుగుతాయి. అప్పుడు అడ్డు మొత్తం కుదురుతుంది, ఏ అనుమానమూ రాదు. ఆ మనిషి వీక్లీ ఆఫ్‌లు నెల మధ్య నుంచి ఒక రోజు ముందుకు వచ్చాయంటే అదే జరిగిందని ముందుగా అనుమానించాలి.

లెక్కల విభాగంలో పనిచేసే ఒకరు: `?` సంగతి ఒప్పుకుంటాను. కాని జీతాల వారికి `UC` అని పంపితే తీసుకోరు. వాళ్ళకు ఒక్క అంకె కావాలి.

రికార్డుల డిజిటైజేషన్ చేసేవారు: కావలసింది ఒక్క అంకె అయితే, ఆ అంకెను ఎంచవలసినవారు ఆమోదించే అధికారి. పట్టిక చేసేవారు ఖాయమైన రోజులు ఒక నిలువు వరుసలో, తేలని రోజులు పక్క వరుసలో చూపించాలి.

రాత్రి షిఫ్టు పర్యవేక్షకుడు: ఆ అధికారిని నేనే అనుకోండి. మూడు వారాల కిందటి షిఫ్టు నాకు గుర్తుండదు. గేటు దగ్గర రాకపోకల పుస్తకం ఉంటే అది చూస్తాను, లేకపోతే ఆ మనిషినే అడుగుతాను, అప్పుడు అతను చెప్పిందే లెక్క అవుతుంది. అది సరైన పద్ధతని నేను అనను.

హాజరు గుమాస్తా: గేటు పుస్తకం కోసం అడిగాను. రంగు స్కాన్ ఈ రోజు వచ్చింది, అందులో ఎర్ర ‘ఏ’లు స్పష్టంగా కనబడుతున్నాయి. అయితే రెండు గళ్ళలో నల్ల ‘ఏ’ ఉంది, రోస్టర్‌లో మాత్రం సి షిఫ్టు ఉంది. ప్రస్తుతానికి వాటిని `UC` గానే ఉంచాను.