చదివి వినిపించే ప్రసంగానికి కాగితం ఎలా తయారు చేసుకుంటున్నారు?

కొత్తవక్త: వచ్చే వారం మా మాస్టారి వీడ్కోలు సభలో నాలుగు నిమిషాల ప్రసంగం చదవాలి. నిన్న ఇంట్లో చదివి చూసుకుంటే ఒకే వాక్యం దగ్గర మూడుసార్లు తడబడ్డాను. ఆ వాక్యం ఇది: "ముప్పై ఏళ్ళ పాటు ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాని మాస్టారు ఈ రోజు మన మధ్య నుంచి వెళ్ళిపోతున్నారంటే నమ్మబుద్ధి కావడం లేదు." కాగితం మీద "రాని" దగ్గర లైను అయిపోతోంది, నేనూ అక్కడే ఆగిపోతున్నాను. అక్షరాలు పెద్దవి చేస్తే సరిపోతుందా?

పెద్దక్షరం: సరిపోతుందండీ. 26 సైజు పెట్టి మొత్తం బోల్డ్ చేసేయండి. నాకు చత్వారం వచ్చాక అదే చేస్తున్నాను, కళ్ళజోడు లేకపోయినా కనబడుతుంది.

స్టూడియోగొంతు: చాలా ఏళ్ళు మైకు ముందు చదివిన అనుభవంతో చెబుతున్నాను. పెద్దక్షరం గారి మాట సగం నిజం. అక్షరం పెద్దదిగా ఉండాల్సిందే. కానీ 26 పెడితే లైనుకి మూడు నాలుగు మాటలే పడతాయి. అప్పుడు లైను ఎక్కడ విరగాలో మీ చేతుల్లో ఉండదు, కాగితం అంచు నిర్ణయిస్తుంది. నాకు 18 సరిపోతుంది, వెలుతురు తక్కువైతే 20.

ఇక బోల్డ్ సంగతి. చాలా ఫాంట్లలో తెలుగు అక్షరాల లోపలి ఖాళీలు బోల్డ్‌లో పూడిపోతాయి. ప, వ, ష లాంటివి దూరం నుంచి ఒకదానిలా ఒకటి కనబడతాయి. అదీగాక అన్నీ బోల్డ్ అయితే ఏ మాట నొక్కాలో కంటికి తెలియదు.

కొత్తవక్త గారూ, "రాని" తర్వాతి మాటకు అతుక్కుని ఉండే మాట. అక్కడ గొంతు ఆగితే వినేవాళ్ళు "రాని ఏమిటి?" అని ఎదురుచూస్తారు. వచ్చిన, చెప్పిన, తెలియని... ఇలాంటివన్నీ అంతే. వాటిని తమ నామవాచకంతో కలిపి ఒకే లైనులో ఉంచండి. చివర "లేదు" కూడా ఒంటరిగా కింది లైనులోకి జారకూడదు. మన భాషలో అవునో కాదో తేలేది అక్కడే కదా. "కావడం" దగ్గర గొంతు దించేశాక "లేదు" కనబడితే వాక్యం చెడుతుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా విరుస్తాను:

ముప్పై ఏళ్ళ పాటు /
ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాని మాస్టారు /
ఈ రోజు మన మధ్య నుంచి వెళ్ళిపోతున్నారంటే //
నమ్మబుద్ధి కావడం లేదు.

ఒక గీత అంటే చిన్న విరామం, రెండంటే ఊపిరి నిండా పీల్చుకునేంత. లైను విరిచేందుకు మామూలు Enter బదులు Shift+Enter కొట్టండి, పేరాల మధ్య ఖాళీ చెదరదు.

పంక్తిచివర: గీతలు దండగ అని నా అభిప్రాయం. లైను విరిగిందంటేనే ఆగాలని అర్థం. పెద్ద విరామం కావాలంటే ఒక లైను ఖాళీ వదిలితే చాలు.

స్టూడియోగొంతు: ప్రతి లైను చివరా ఆగితే పద్యం అప్పజెప్పినట్టుంటుందండీ. కొన్నిచోట్ల కంటి కోసమే విరుస్తాం, గొంతు కోసం కాదు.

పంక్తిచివర: అలా అయితే కంటి కోసం విరిచిన చోటే వేరే గుర్తు పెట్టుకోవాలి. నాకైతే మీ పద్ధతిలో గుర్తులు ఎక్కువై అర్థం వెనకబడుతుంది.

ఆడియోపుస్తకం: నేను ఇంట్లో నవలలు రికార్డు చేస్తాను. ట్యాబ్‌లో అక్షరాలు వాటంతట అవే పైకి జరిగేలా వేగం ఎంత పెట్టుకోవాలో చెప్పగలరా?

స్టూడియోగొంతు: అది వేరే సంగతండీ, ఇక్కడ కాగితం గురించి మాట్లాడుకుంటున్నాం.

కొత్తవక్త: "ఒక్క రోజు" కింద గీత గీసి ప్రింటు తీశాను. క ఒత్తు మీదుగా గీత పోయి "ఒక రోజు"లా కనబడుతోంది!

స్టూడియోగొంతు: అండర్‌లైను మన లిపికి పనికిరాదు, ఒత్తులన్నీ కిందే కదా. ప్రింటు తీశాక పసుపు హైలైటర్‌తో పూయండి. వాక్యానికి ఒక్క మాటే, అంతకు మించితే దేనికీ బరువు ఉండదు. లైన్ల మధ్య దూరం 1.5 కన్నా తగ్గించకండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

నాన్నకూతురు: నా అనుభవం ఒకటి. నాన్న సంస్మరణ సభలో చదువుతుంటే రెండో పేజీ చివర వాక్యం సగంలో ఆగింది. పిన్ను కొట్టిన కాగితం తిప్పబోతే చేతులు వణికి రెండు పేజీలు కలిసి తిరిగాయి. అసలే కన్నీళ్ళు. తర్వాత అమ్మ సంవత్సరీకానికి పిన్ను కొట్టలేదు, ఒకవైపే ప్రింటు తీసి, పేజీ నంబరు పెద్దగా వేశాను. ప్రతి పేజీ పూర్తి వాక్యంతో ముగించాను. అడుగున మూడో వంతు ఖాళీ వదిలాను, తల మరీ వంచనక్కర్లేకపోయింది. ఏడుపొస్తుందని తెలిసిన మాటకు ముందు "నీళ్ళు తాగు" అని పెన్సిలుతో రాసుకున్నాను. నిజంగానే ఆగి తాగాను.

కొత్తవక్త: అమ్మా, ఆ చివరి మాట నాకూ కావాలి. మార్చిన కాగితంతో ఇప్పుడే పైకి చదివాను. "రాని మాస్టారు" ఒక్క ఊపిరిలో వచ్చింది. "వెళ్ళిపోతున్నారంటే" తర్వాత రెండు గీతల దగ్గర మాత్రం ఎంతసేపు ఆగాలో తేలడం లేదు. రేపు చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టి చదువుతాను.