సంపాదకుడికి రాసే లేఖలో ‘ఇదే మొదటి అధ్యయనం’ అనవచ్చా?

పరిశోధక విద్యార్థిని, అనంతపురం
పీహెచ్‌డీలో నా తొలి పత్రాన్ని జర్నల్‌కు పంపబోతున్నాను. వర్షాధార వేరుశనగ కాయ ఊరే దశలో బెట్టకు గురైతే, పంట కుంట నీటితో స్ప్రింక్లర్ల ద్వారా ఒకే ఒక్క రక్షక తడి ఇచ్చి చూశాం. కదిరి-6 రకం, పన్నెండు మంది రైతుల చేలు, రెండు ఖరీఫ్‌లు. సంపాదకుడికి రాసే లేఖలో ‘రాయలసీమలో ఇలాంటి అధ్యయనం ఇదే మొదటిది’ అని రాయమని మా గైడ్ అంటున్నారు. కానీ ఇదే ప్రశ్న మీద పరిశోధనా కేంద్రం మడుల్లో చేసిన పని ఇప్పటికే అచ్చయింది. లేఖలో దాని ప్రస్తావన తేవాలా, వద్దా?

అధ్యాపకుడు, కర్నూలు
మీ గైడ్ మాట వినండమ్మా. సంపాదకుడి బల్ల మీద ఎన్నో పత్రాలు ఉంటాయి. మీ లేఖను ఒకటి రెండు నిమిషాలు చూస్తారు. ఆ కాస్త సమయంలో కొత్తదనం కంటపడకపోతే సమీక్షకుల దాకా పోకుండానే తిరిగొస్తుంది. పాత పని గురించి పత్రంలో ఎలాగూ రాశారు కదా. లేఖలో కూడా దాన్ని ముందుకు తెచ్చి మీ పనిని మీరే ఎందుకు చిన్నది చేసుకోవాలి?

విశ్రాంత వ్యవసాయాధికారి, ధర్మవరం
మొదటిది అనడం ఎలా కుదురుతుంది? 2016లో అనంతపురం జిల్లాలో వేరుశనగ ఎండిపోతుంటే ప్రభుత్వమే రెయిన్ గన్లు తెచ్చి తడులు ఇచ్చింది. కుంటల్లో నీళ్లున్న చోట వాటినే వాడారు. మేమంతా చేలల్లో నిలబడి చూసినవాళ్లం. ఇందులో కొత్త ఏముందో నాకు అర్థం కావడం లేదు.

ఒక వ్యవసాయ జర్నల్‌కు సహ సంపాదకుడు, కడప
అధికారి గారూ, తడి ఇవ్వడం వేరు, ఆ తడి వల్ల ఎంత మిగిలిందో కొలవడం వేరు. తడి పడిన చేను పక్కనే తడి లేని మడి పెట్టి, రెండింటి కాయలూ తూచి ఉంటేనే అది పత్రం అవుతుంది. విద్యార్థిని గారు అది చేశారనుకుంటున్నాను.

కర్నూలు సార్ చెప్పినదాంట్లో సగం నిజం. లేఖను తక్కువ సమయమే చూస్తాం. అయితే ఆ సమయంలో ఏం చేస్తామో చెబుతాను. ‘మొదటిది’ అని కనబడగానే వేరుశనగ, రక్షక తడి, అనంతపురం అనే మూడు మాటలతో వెతుకుతాను. మీరు చెప్పిన పాత పత్రం వెంటనే బయటపడుతుంది. అంతకంటే ముందు మీ పత్రం చివర ఆధారాల పట్టికలోనే దొరుకుతుంది. ఇక మీరు రాసిన మిగతా వాక్యాలను నమ్మడానికి నాకు మనసొప్పదు.

‘రాయలసీమలో మొదటిది’ అని హద్దు కుదించినా లాభం లేదు. అలా కుదిస్తూ పోతే ప్రతి మండలంలోనూ ఏదో ఒకటి మొదటిదే. ఈ నేల, ఈ వాన పాత జవాబును ఏ విధంగా పరీక్షించాయో చెబితేనే చోటుకు విలువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచని పలుచని ఎర్ర నేలలు: ఇవి కారణాలు. జిల్లా పేరు కారణం కాదు.

ఒక ప్రశ్న. రెండు ఖరీఫ్‌లలోనూ ఒకే ఫలితం వచ్చిందా?

పరిశోధక విద్యార్థిని, అనంతపురం
ప్రతి చేలోనూ తడి ఇవ్వని మడి ఉంచాం సార్. ఫలితం మాత్రం ఒకేలా రాలేదు. మొదటి ఏడాది కాయ ఊరేటప్పుడు మూడు వారాలకు పైగా వాన లేదు. తడి ఇచ్చిన మడుల్లో దిగుబడి స్పష్టంగా మెరుగ్గా ఉంది. రెండో ఏడాది వానలు సమంగా పడ్డాయి, తేడా లేదు. రెండో ఏడాది ఫలితం పత్రంలో ఉంది కానీ, లేఖలో వద్దన్నారు గైడ్.

అధ్యాపకుడు, కర్నూలు
నేనూ అదే అంటాను. బలహీనతను లేఖలోకి తెచ్చుకోకండి.

సహ సంపాదకుడు, కడప
సార్, అది బలహీనత కాదు, ఈ పత్రంలో కొత్త సంగతి అదే! తడి మేలు చేస్తుందని పాత పత్రం చెప్పింది. రైతు చేలో ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు చేయదు అన్నది ఈ పత్రం చెబుతోంది. దాన్ని దాచితే మిగిలేది పాత పత్రమే. భావం తెలుగులో ఇస్తున్నాను, ఇంగ్లీషులో మీరు రాసుకోండి:

‘కాయ ఊరే దశలో ఇచ్చే ఒక రక్షక తడి వర్షాధార వేరుశనగ దిగుబడిని కాపాడుతుందని పరిశోధనా కేంద్రం మడుల్లో ఇదివరకే తేలింది. పంట కుంటలో ఉన్న కొద్దిపాటి నీటితో రైతులే తడి ఇచ్చుకున్నప్పుడు ఆ లాభం నిలుస్తుందా అని అనంతపురం ఎర్ర నేలల్లో పన్నెండు చేలల్లో రెండు ఖరీఫ్‌లు కొలిచాం. కాయ ఊరే దశలో బెట్ట వచ్చిన ఏడాది లాభం నిలిచింది. వాన సమంగా కురిసిన ఏడాది తేడా కనిపించలేదు. కుంట నీటిని ఏ ఏడాది వాడాలో, ఏ ఏడాది దాచుకోవాలో నిర్ణయించడానికి ఇది ఆధారం ఇస్తుంది.’

మూడో వాక్యంలో హెక్టారుకు ఎన్ని కిలోల తేడా వచ్చిందో ఒక అంకె పెట్టండి. ఒక్కటి చాలు. పాత పత్రం రచయితల పేరు, సంవత్సరం మొదటి వాక్యంలోనే ఉండాలి. దాని తర్వాత, ఇది మరెక్కడా పరిశీలనలో లేదన్న ప్రకటన. సదస్సులో సమర్పించి ఉన్నా, ప్రీప్రింట్ పెట్టి ఉన్నా ఆ మాట కూడా అక్కడే చెప్పాలి.

విశ్రాంత వ్యవసాయాధికారి, ధర్మవరం
కొలవడం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ మీ చివరి వాక్యం నాకు మింగుడుపడటం లేదు. మా ఎర్ర నేలల్లో అడుగున పూత లేని కుంట నీళ్లు ఇంకిపోతాయి, మిగిలినవి ఎండకు ఆవిరవుతాయి. మరుసటి ఏడాదికి దాచుకోవడం ఎక్కడిది? పైగా ఒక మంచి ఏడాది, ఒక చెడ్డ ఏడాది చూసి ఏ ఏడాది వాడాలో చెప్పేస్తారా?

సహ సంపాదకుడు, కడప
మీరన్నది సబబు. ఆ వాక్యం డేటాను దాటి ముందుకు పోయింది. ఇలా ఉండాలి: ‘రెండు ఏళ్ల వాన తీరు వేరు కావడంతో తడి ఏ పరిస్థితిలో పనిచేసిందో పోల్చి చూడగలిగాం, ఎన్ని రోజుల బెట్ట తర్వాత తడి ఇవ్వాలో చెప్పడానికి ఈ డేటా చాలదు.’ ఇలాంటి పరిమితిని లేఖలోనే చెప్పిన పత్రాన్ని నేను సమీక్షకులకు ధైర్యంగా పంపుతాను.

రసాయన శాస్త్ర పరిశోధకుడు, కడప
నా సంగతి చెబుతాను. నా లేఖ నిండా ‘వినూత్నం’, ‘అపూర్వం’ అని ఉండేవి. ‘కొత్తదనం చాలదు’ అని పత్రం తిరిగొచ్చింది. తర్వాత తెలిసిందేమంటే, పబ్‌మెడ్ సారాంశాల్లో ఇలాంటి మెచ్చుకోలు మాటలున్నవి 1974-80 మధ్య 2 శాతం ఉంటే 2014కు 17.5 శాతమయ్యాయని 2015లో బీఎంజేలో వచ్చింది. అందరూ రాసే మాట ఎవరినీ వేరుగా చూపదు. సార్, ఈ లేఖను సమీక్షకులు చూస్తారా? నాది ప్లాస్ వన్‌కు పంపుదామనుకుంటున్నాను, అక్కడ కూడా కొత్తదనం గురించి ఇంతే రాయాలా?

సహ సంపాదకుడు, కడప
చాలా జర్నళ్లలో లేఖ సంపాదకుల దగ్గరే ఆగుతుంది. కాబట్టి సమీక్షకులకు తెలియాల్సిన పరిమితులు పత్రంలో కూడా ఉండాలి. ప్లాస్ వన్ కొత్తదనాన్ని, ప్రభావాన్ని బట్టి తీర్పు చెప్పదు, పద్ధతి గట్టిగా ఉందా అని చూస్తుంది. అక్కడ పాత పనికి మీ పని ఏం చేరుస్తుందో క్లుప్తంగా చెబితే సరిపోతుంది.

అధ్యాపకుడు, కర్నూలు
రెండో ఏడాది సంగతి లేఖలో ఉండాలని ఒప్పుకుంటాను. పాత పత్రం పేరుతో లేఖ మొదలవడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. అందరు సంపాదకులూ మీలా ఓపికగా చదవరు. మొదటి వాక్యం మన పనిది కావాలి, పాతది రెండో వాక్యంలో రావచ్చు.

పరిశోధక విద్యార్థిని, అనంతపురం
రెండు వరుసల్లోనూ రాసి గైడ్ గారికి చూపిస్తాను సార్. ‘మొదటిది’ అన్న మాట రెండింట్లోనూ ఉండదు. ఆయన తప్పక ఉండాలంటే, ఏ డేటాబేసులో ఏ మాటలతో ఏ నెల వరకు వెతికామో పక్కనే రాద్దామని అడుగుతాను. అప్పుడు పాత పత్రం ఆయన కళ్ల ముందుకే వస్తుంది. అధికారి గారూ, మా పన్నెండు కుంటల్లో ఎన్నింటికి అడుగున పూత ఉందో పత్రంలో రాయలేదు. పంపే ముందు ఆ వివరం చేర్చాలి.