"నిరభ్యంతర పత్రం మంజూరు చేయగలరు": వాక్యం సరేనా?

శైలజ: విదేశీ ఉద్యోగ వీసాకు దరఖాస్తు పెట్టే ముందు కంపెనీకి ఇవ్వాల్సిన లేఖ ఇది. "నేను విదేశంలో ఉద్యోగానికి వెళ్లదలచాను. కావున నిరభ్యంతర పత్రం మంజూరు చేయగలరని ప్రార్థన." ఇక్కడ "మంజూరు" కుదురుతుందా?

వెంకట్: మంజూరు పరాయి మాటండీ, తీసేయండి. "అనుమతి పత్రం ఇవ్వగలరు" అంటే చక్కగా ఉంటుంది.

పద్మావతి: మంజూరు వద్దన్నది సరే గానీ, కారణం అది కాదు. సెలవో అప్పో మంజూరవుతుంది, పత్రాన్ని జారీ చేస్తారు. మామూలుగా "ఇప్పించగలరు" చాలు. "అనుమతి" మాత్రం వద్దు. అది అడిగితే మిమ్మల్ని పంపాలా వద్దా అని తేల్చే భారం పైవాళ్ల మీద పడుతుంది, కాగితం టేబుళ్లు తిరుగుతుంది. అభ్యంతరం లేదనడం అంతకంటే చిన్న మాట, సంతకం తేలిగ్గా పడుతుంది.

అసలు చిక్కు "వెళ్లదలచాను" దగ్గరుంది శైలజ గారూ. హెచ్ఆర్ వాళ్లు దాన్ని రాజీనామా నోటీసుగా చదివే వీలుంది. వీసా రాకపోతే ఇబ్బంది మీకే. "దరఖాస్తు చేసుకోవడానికి" అని అక్కడితో ఆపండి.

ఖాదర్: నాకు మా ఆఫీసు ఇచ్చిన దాంట్లో "సెలవు ముగిశాక తిరిగి విధుల్లో చేరతారు" అని ఉంది. వీసా ఇబ్బంది లేకుండా వచ్చింది. అదే నమూనా వాడుకోవచ్చు.

పద్మావతి: మీరు వెళ్లింది చుట్టపుచూపుగా కదా ఖాదర్ గారూ? తిరిగొస్తారన్న మాట అక్కడ బలం. ఉద్యోగ వీసా ఫైల్లో కొత్త కంపెనీ ఆఫర్ ఉంటుంది, దాని పక్కన ఈ వాక్యం పెడితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆఫీసులు పాత నమూనాలో పేరు మార్చి ఇచ్చేస్తుంటాయి, అందుకే కావలసిన వాక్యం మనమే రాసివ్వాలి:

"నేను ఫలానా తేదీ నుంచి ఫలానా హోదాలో పనిచేస్తున్నాను. ఫలానా దేశపు ఉద్యోగ వీసాకు దరఖాస్తు చేసుకోవడానికి సంస్థకు అభ్యంతరం లేదని తెలుపుతూ, లెటర్‌హెడ్‌పై సంతకం, ముద్ర, తేదీలతో పత్రం ఇప్పించగలరని మనవి. పాస్‌పోర్టులో ఉన్న నా పేరు, నంబరు కింద ఇస్తున్నాను."

ఆ చివరి వాక్యం వదలొద్దు. ఆఫీసు రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. అడగకపోతే రికార్డులో ఉన్నట్టే టైపు చేసిస్తారు, మళ్లీ కొత్త పత్రం కోసం తిరగాలి.

శైలజ: "ఇది రాజీనామా కాదు" అని విడిగా రాయనా?

వెంకట్: రాయండి, స్పష్టంగా ఉంటుంది.

పద్మావతి: నాకైతే ఆ వాక్యమే లేని అనుమానం పుట్టిస్తుందనిపిస్తుంది. "వీసా వస్తే నియమాల ప్రకారం నోటీసు ఇస్తాను" అంటే అదే అర్థం మర్యాదగా వస్తుంది.

వెంకట్: అలా రాస్తే వెళ్లడం ఖాయమని ముందే ఒప్పుకున్నట్టు కాదా?