‘ముఖపద్మం’ ఉపమా, రూపకమా?

ఉపాధ్యాయురాలు: తొమ్మిదో తరగతికి అలంకారాలు చెబుతున్నాను. ‘అమ్మ మనసు వెన్నలా మెత్తన’ ఉపమ అనీ, ‘అమ్మ మనసు వెన్న’ రూపకమనీ పిల్లలు ఇట్టే పట్టుకున్నారు. ‘ముఖపద్మం’ దగ్గర మాత్రం తరగతి రెండుగా చీలింది. ఏది ఒప్పని చెప్పను?

విద్యార్థి: లాగా, వలె ఉంటే ఉపమ, లేకపోతే రూపకం కదండీ. ఇందులో అవి లేవు, కాబట్టి రూపకమే.

విశ్రాంత అధ్యాపకుడు: ఆ గుర్తు అన్నిచోట్లా పనికిరాదు బాబూ. ‘తేనెమాట’లో ‘లాగా’ ఎక్కడుంది? అయినా తేనె వంటి మాట అనే అర్థం చేసుకుంటాం. పోలిక చెప్పే మాట సమాసంలో లోపించింది కనుక అది లుప్తోపమ. మరోవైపు ‘వాన వచ్చేలా ఉంది’లో ‘లా’ ఉంది, పోలిక లేదు.

ముఖపద్మాన్ని విడిగా చూస్తే తేలదమ్మా. పద్మం వంటి ముఖం అనవచ్చు, ముఖమనే పద్మం అనీ అనవచ్చు. క్రియ ఎవరి పక్షమో చూడండి. ‘ఆమె ముఖపద్మం వికసించింది’ అంటే, రేకులు విప్పి వికసించేది పద్మం. ముఖాన్ని పద్మంగానే చేసేశాడు కవి, అది రూపకం. ‘ఆమె ముఖపద్మం చెమర్చింది’ అంటే, చెమట పట్టేది ముఖానికి. పద్మం పోలిక కోసమే వచ్చింది, కాబట్టి ఉపమ.

ఒక తండ్రి: మా అబ్బాయి ఉపమకు ఉదాహరణగా ‘తమ్ముడు నాన్నలాగా ఉన్నాడు’ అని రాస్తే మార్కు ఇవ్వలేదు. ‘లాగా’ ఉంది కదా, ఇదేం న్యాయం?

విశ్రాంత అధ్యాపకుడు: తండ్రి పోలిక కొడుక్కి రావడం ఉన్న సంగతే కదండీ. ‘ఆవు వంటిది గవయం’ అన్నా ఇంతే, జంతువును గుర్తుపట్టడానికి చెప్పిన మాట. పోలికలో సొగసు ఉంటేనే అలంకారం.

ఒక తండ్రి: పిల్లవాడికి వాళ్ల తమ్ముడిలో నాన్న కనిపించడం సొగసు కాదా? ఇది నేను ఒప్పుకోలేను.

విద్యార్థి: క్రియను చూడమన్నారు. ‘కోపాగ్ని చల్లారింది’లో ఎలా? కోపమూ చల్లారుతుంది, అగ్నీ చల్లారుతుంది.

విశ్రాంత అధ్యాపకుడు: మంచి ప్రశ్న. క్రియ రెండింటికీ సరిపోయి, ఏ అలంకారమో తేల్చలేని చోటును ఆలంకారికులు సందేహసంకరం అన్నారు. ఇక్కడ మాత్రం నా మొగ్గు రూపకానికే. చల్లారడం మొదట నిప్పు గుణం, కోపానికి తర్వాత అంటుకుంది.

ఉపాధ్యాయురాలు: వాడుకలో స్థిరపడిపోయాక అది కోపం గుణం కూడా కాదా? ఆలోచించాలి. మరి పరీక్షలో ‘ముఖపద్మం’ అన్న పదం ఒక్కటే ఇస్తే?

విశ్రాంత అధ్యాపకుడు: సమాసం పేరు అడగవచ్చు. బడి వ్యాకరణంలో దాన్ని ఉపమాన ఉత్తరపద కర్మధారయం అంటాం. అలంకారం అడగాలంటే వాక్యం మొత్తం ఇవ్వాల్సిందే.