పరగడుపున బ్లాక్ కాఫీ తాగితే కడుపుల మంట, మానేయాల్నా?

హన్మకొండ_జిమ్: నమస్తే అందరికి. పొద్దుగాల అయిదున్నరకు జిమ్‌కు పోయేముందు ఉత్త కడుపుతో బ్లాక్ కాఫీ తాగుత, చక్కెర లేకుండ, ఇన్‌స్టంట్ పౌడర్ రెండు చెంచాలు ఒక గ్లాసుల. మొదట్ల ఏం కాలే, ఇప్పుడు ఎండకాలం పొయినప్పటిసంది తాగిన కొద్దిసేపటికే కడుపు పైభాగంల మంట, వాంతి వచ్చినట్టు అయితది. గిది కాఫీతోనేనా? ఇట్లయినోళ్లు ఉంటే చెప్పండ్రి.

కాజీపేట_రైల్: తమ్మీ పాలు కలుపుకో, అయిపోతది. పాలు ఆసిడ్‌ను సల్లగ చేస్తయి. మా బాపు జిందగీ అంతా పాల చాయే తాగిండు, ఏం కాలే.

ములుగురోడ్_అక్క: నాక్కూడ కాఫీతోని కష్టమే, థైరాయిడ్ గోలీ ఏసుకున్న ఎంబటే తాగుతుంటి, టీఎస్‌హెచ్ ఎంతకీ తగ్గకపోయేది. డాక్టరమ్మ గోలీకి కాఫీకి నడుమ గంట గ్యాప్ పెట్టమన్నది, అప్పటిసంది మంచిగ వస్తుంది. నువ్వు థైరాయిడ్ చెక్ చేయించుకున్నవా?

స్కోప్_రూం_సిస్టర్: అక్కా మీరు చెప్పింది కరెక్టే, కానీ ఈ తమ్ముని కథ వేరే. నేను ఎండోస్కోపీ రూంల పనిచేస్త, గిట్లాంటోళ్లు రోజు వస్తరు. తమ్మీ నాలుగు సంగతులు చెప్పు. మంట ఛాతి మధ్యల ఎముక ఎనకనా, లేకుంటె బొడ్డుకు పైన పక్కటెముకలు కలిసే కాడనా? పండుకుంటే ఎక్కువయితదా, గొంతుల పుల్లనీళ్లు వస్తయా? రాత్రి తిని ఎంతసేపటికి పండుకుంటవు? ఇంకా నొప్పి గోలీలు ఏమన్న వాడుతున్నవా?

హన్మకొండ_జిమ్: పక్కటెముకల కాడనే సిస్టర్. పుల్లనీళ్లు ఎప్పుడో ఒకసారి, అదిగూడ షాపు బంద్ చేసి పదిన్నరకు తిని ఎంబటే ఒరిగిన రోజు. నొప్పి గోలీ అంటే నడుము పట్టింది, మెడికల్ షాపాయన డైక్లోఫెనాక్ ఇచ్చిండు, జిమ్‌ల నొప్పి రావద్దని పొద్దుగాల కాఫీతోనే ఏసుకుంటున్న. అదిగూడ ఎండకాలం పొయినంకనే మొదలువెట్టిన.

స్కోప్_రూం_సిస్టర్: అగో, నాకైతే మొదటి అనుమానం ఆ గోలీ మీదనే. కడుపు లోపలి గోడకు ఆసిడ్ తగలకుండ ఒక జిగట పొర ఉంటది, డైక్లోఫెనాక్ అసోంటియి ఆ పొరను తయారుచేసే శక్తిని తగ్గిస్తయి. అన్నం తిన్నంక ఏసుకున్నా ఆ ఎఫెక్ట్ పూర్తిగ పోదు, ఎందుకంటే అది రక్తంల కలిసినంక గూడ పనిచేస్తది. కాఫీ ఏం చేస్తదంటే ఆసిడ్‌ను ఇంకింత ఊరిస్తది, కడుపుల తిండి లేదాయె, పుండు మీద కారం పడ్డట్టు తెలుస్తది. కాఫీ ఒక్కదానితోనే గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు లోపలి గోడకు వాపు, వస్తదని నేను చెప్పలేను, ఎక్కువశాతం హెచ్ పైలోరి క్రిమి, నొప్పి గోలీలు, మందు తాగుడు, ఇవ్వే కనపడుతయి. పుల్లనీళ్లు మాత్రం రిఫ్లక్స్, అంటే ఆసిడ్ గొంతుదాకా పైకి తన్నుడు, దానికి రాత్రి తిండికి పడకకు మూడు గంటల గ్యాప్ ఉండాలె.

పాల సంగతి, కాజీపేట అన్నా, తాగంగనే సల్లగనిపిస్తది నిజమే, కొద్దిసేపటికి ఆసిడ్ మళ్ల ఊరుతది.

జనగాం_ప్రవీణ్: నేను డీకాఫ్‌కు మారిన, కెఫీన్ లేకపోతే మంట రాదంట కదా?

స్కోప్_రూం_సిస్టర్: కొందరికి తగ్గుతది, కానీ డీకాఫ్ గూడ ఆసిడ్‌ను పెంచుతది, కాఫీల వేరే పదార్థాలు ఉంటయి కదా. నీకు పడుతుంటే తాగు.

హన్మకొండ_జిమ్: మరి ఇప్పుడు ఏం చేయమంటవు సిస్టర్? ఆసిడ్ తగ్గించే గోలీ పాంటాప్ తెచ్చుకున్న, అన్నం తిన్నంక ఏసుకుంటున్న.

స్కోప్_రూం_సిస్టర్: అది తినడానికి అరగంట ముందు ఏసుకోవాలె, తిన్నంక ఏసుకుంటే అంత మంచిగ పనిచేయకపోవచ్చు. నడుముకు వేరే మందు ఏముందో డాక్టర్‌ను అడుగు, డైక్లోఫెనాక్ బంద్ పెట్టు. కాఫీ రెండు వారాలు ఆపు, తర్వాత ఉప్మానో జొన్నరొట్టెనో తిన్నంక ఒక చెంచా పౌడర్‌తోని మొదలుపెట్టి చూడు. ఒకటి యాదుంచుకో, హెచ్ పైలోరికి శ్వాస టెస్టు గాని మలం టెస్టు గాని రాస్తే, పాంటాప్ రెండు వారాల ముందు ఆపాలె, లేకుంటే క్రిమి ఉన్నా లేదని వస్తది. అందుకే ముందు డాక్టర్‌కు చూపిచ్చుకో.

ములుగురోడ్_అక్క: విరేచనం నల్లగ వస్తే భయమంటరు, నాకు వస్తది, రక్తం గోలీలు ఏసుకుంటున్న.

స్కోప్_రూం_సిస్టర్: ఐరన్ గోలీతోని నల్లగ రావుడు మామూలే అక్కా. కానీ డాంబర్ లెక్క జిగటగ, ఘోరమైన వాసనతోని వస్తే లోపల రక్తం కారుతుందని, ఆగొద్దు, అదే రోజు దవాఖానకు పోవాలె. రక్తం వాంతి, మింగితే అడ్డం పడుడు, కారణం లేకుండ బరువు తగ్గుడు గూడ ఎండోస్కోపీ దాకా పోవాల్సినయే. చెమటలతోని ఛాతి బరువెక్కితే గ్యాస్ అని సోడా తాగి కూసోవద్దు, ముందు ఈసీజీ. అల్సర్ ఉన్నోళ్లు, నొప్పి గోలీలు రోజూ వాడేటోళ్లు, రిఫ్లక్స్ ఎక్కువున్నోళ్లు పరగడుపు కాఫీ మానుకోవాలె. గర్భిణీలకు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దు.

కాజీపేట_రైల్: నాకైతే ఏండ్ల సంది పరగడుపునే, ఏ మంటా లేదు. మరి నేనెందుకు మానాలె?

స్కోప్_రూం_సిస్టర్: మీకు మంట లేకపోతే, గోలీలు లేకపోతే, మానమని నేనైతే అననన్నా.

హన్మకొండ_జిమ్: రేపు దవాఖానకు పోతున్న, ఆ డైక్లోఫెనాక్ స్ట్రిప్ గూడ తీస్కపోయి చూపిస్త. టెస్టు రాస్తే వచ్చిన రిజల్ట్ ఇక్కడ పెడుత.